సగం బుక్ చేసి ఎస్ఎల్ కాస్ట్‌కు తెచ్చాక విన్ రేట్ పెరిగింది, మిగిలేది తగ్గింది. ఎందుకు?

నవీన్_జడ్చర్ల

అందరికీ నమస్తే. నేను క్యాష్ మార్కెట్‌లో ఇంట్రాడే మాత్రమే చేస్తాను, ఎక్కువగా కొనుగోలు వైపే. రెండే సెటప్‌లు. ఒకటి, మొదటి గంట హై దాటితే కొనడం. రెండోది, పైకి వెళ్తున్న షేర్ 20 ఇఎంఎ దగ్గరికి దిగినప్పుడు కొనడం. ప్రతి ట్రేడ్‌లో రిస్క్ వెయ్యి రూపాయలు, టార్గెట్ రెండు వేలు.

మొదట్లో ఎస్ఎల్ గానీ టార్గెట్ గానీ తగిలేదాకా ముట్టుకునేవాడిని కాదు. నూటికి 40 గెలిచేవి. తర్వాత పద్ధతి మార్చాను. రిస్క్‌కు సమానంగా లాభం రాగానే సగం అమ్మి, మిగతా సగానికి ఎస్ఎల్ కాస్ట్‌కు తెస్తున్నాను. ఇప్పుడు నూటికి 58 గెలుస్తున్నాయి. కానీ నెలాఖరున లెడ్జర్ చూస్తే మునుపటికన్నా తక్కువే మిగులుతోంది.

ఒక ట్రేడ్ చెప్తాను, నా పద్ధతి అర్థమవుతుంది. 500 దగ్గర 200 షేర్లు, ఎస్ఎల్ 495, టార్గెట్ 510. ధర 505 తాకగానే 100 అమ్మేశాను, ఎస్ఎల్ 500కి జరిపాను. అరగంటలో 499.80కి దిగి నన్ను బయటికి తోసింది. మధ్యాహ్నం రెండింటికి 510. చేతికి వచ్చింది 500 రూపాయలు, ముట్టుకోకుండా ఉంటే 2,000. ఇలాంటివి చాలా జరుగుతున్నాయి, లేక ఇవే గుర్తుండిపోతున్నాయా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

దేవరకొండ_శ్రీను

తమ్మీ, నీ పద్ధతి సరైనదే, వదలకు. లాభంలోకి వచ్చిన ట్రేడ్‌ను నష్టంలోకి పోనివ్వకపోవడమే ట్రేడింగ్‌లో అసలు క్రమశిక్షణ. 505 దగ్గర సగం బుక్ చేసి ఎస్ఎల్ 500కి తెచ్చావంటే ఇక ఆ ట్రేడ్ ఫ్రీ. పోతే పోయేది ఏమీ లేదు, వస్తే లాభం. 40 శాతం దగ్గర కూర్చుంటే వరసగా ఏడెనిమిది నష్టాలు వస్తాయి, అప్పుడు చెయ్యి వణుకుతుంది, తొమ్మిదో ట్రేడ్ వదిలేస్తావు, అదే గెలుస్తుంది. 58 శాతం ఉంటే మనసు నిలకడగా ఉంటుంది. మిగిలేది తక్కువ అనిపిస్తే క్వాంటిటీ పెంచు, అంతే.

యాదగిరి_మిర్యాలగూడ

నేనూ ఇదే చేస్తాను బాబూ. ఒక సిమెంట్ కంపెనీ షేర్ కొని నాలుగేళ్లు పెట్టుకున్నాను. రెట్టింపు కాగానే సగం అమ్మి పెట్టుబడి తీసేసుకున్నాను. మిగతా సగం ఇప్పటికీ ఉంది, డివిడెండ్ వస్తోంది. మధ్యలో ధర ఎంత పడినా నాకు టెన్షన్ లేదు. సగం అమ్మడం ఎప్పుడూ మంచిదే.

రాధిక_నల్గొండ

యాదగిరి గారూ, మీరు చేసింది బాగుంది గానీ నవీన్ అడుగుతున్నది వేరే సంగతి. మీ మిగతా సగానికి ఎస్ఎల్ లేదు, అది ఎంత పడినా మీరు అమ్మలేదు. నవీన్ మిగతా సగాన్ని కొన్న ధర దగ్గరే అమ్మేస్తున్నాడు. వచ్చిన చిక్కంతా ఆ రెండో పనిలోనే ఉందని నా అనుమానం.

నవీన్, ముందు ఒక చిన్న లెక్క చూడు. నీ సెటప్‌లో అసలు బలమే లేదనుకుందాం, ధర బొమ్మా బొరుసులా పైకీ కిందికీ పోతుందనుకుందాం. 500 దగ్గర కొన్నావు. 495కి అయిదు రూపాయల దూరం, 510కి పది. ముట్టుకోకుండా వదిలేస్తే మూడింట ఒకసారి టార్గెట్, రెండుసార్లు ఎస్ఎల్. విన్ రేట్ 33, చివరికి మిగిలేది సున్నా.

ఇప్పుడు అదే ధరకు నీ కొత్త పద్ధతి పెట్టు. 505, 495 రెండూ సమాన దూరం కాబట్టి నూటిలో 50 నేరుగా ఎస్ఎల్‌కు పోతాయి. మిగతా 50 505ను తాకుతాయి, అక్కడ సగం అమ్ముతావు. అక్కడి నుంచి 510, 500 మళ్లీ సమాన దూరమే. కాబట్టి 25 టార్గెట్ చేరి ఒక్కొక్కటి 1,500 ఇస్తాయి, 25 కాస్ట్‌కు వచ్చి 500 ఇస్తాయి. కలిపితే యాభై వేలు వచ్చాయి. నష్టపోయిన యాభై ట్రేడ్లలో పోయిందీ యాభై వేలే. మిగిలేది మళ్లీ సున్నా. కానీ విన్ రేట్ 33 నుంచి 50కి ఎక్కింది.

అంటే ఏ బలమూ లేని చోట కూడా విన్ రేట్ 17 పాయింట్లు పెరిగింది. గెలుపులను చిన్నవి చేసి ఎక్కువ చేశావు, అంతే. అందుకే 58 చూసి పద్ధతి మెరుగైందని గానీ, లెడ్జర్ చూసి చెడిందని గానీ అప్పుడే అనకు. పైగా మునుపటి 40, ఇప్పటి 58 వేర్వేరు నెలలవి. మార్కెట్ కూడా వేరే అయి ఉండొచ్చు.

దేవరకొండ_శ్రీను

మేడం, మార్కెట్ బొమ్మా బొరుసు కాదు కదా. ట్రెండ్ ఉంటుంది, సపోర్ట్ ఉంటుంది. ఈ లెక్క కాగితం మీద బాగుంటుంది.

రాధిక_నల్గొండ

అవును శ్రీను గారూ, కాదు. అందుకే బొమ్మా బొరుసు నుంచి నవీన్ ట్రేడ్లు ఎటు పక్కకు జరిగాయో చూడాలి. దానికి అతని ట్రేడ్లే కావాలి.

నవీన్, ఈ మధ్య చేసిన ఒక వంద ట్రేడ్లు తీసుకో. నువ్వు ఎక్కడ బయటికొచ్చావన్నది పక్కన పెట్టి, చార్ట్‌లో ఆ రోజు చివరిదాకా ధర ఏ దారిన నడిచిందో చూసి నాలుగు కుప్పలు చెయ్యి. 505 లాంటి చోటు తాకకుండానే ఎస్ఎల్‌కు పోయినవి ఒక కుప్ప. అక్కడ తాకి, కొన్న ధరకు తిరిగి రాకుండా నేరుగా టార్గెట్ కొట్టినవి ఇంకొకటి. తాకి, కొన్న ధరకు తిరిగొచ్చి, మళ్లీ లేచి టార్గెట్ కొట్టినవి మూడోది. తాకి, తిరిగొచ్చి, అసలు ఎస్ఎల్‌దాకా పడినవి నాలుగోది. ఇవి తెలిస్తే అవే ట్రేడ్ల మీద ఏ పద్ధతి ఎంత ఇచ్చేదో వేలు పెట్టి చూపించవచ్చు.

నవీన్_జడ్చర్ల

చేస్తాను అక్కా. ఒక్క సందేహం. 15 నిమిషాల క్యాండిల్‌లో హై 505 దాటింది, లో 500 కిందికి పోయింది అనుకోండి. ఏది ముందు జరిగిందో ఎట్లా తెలుస్తుంది?

రాధిక_నల్గొండ

ఆ క్యాండిల్‌లో తెలియదు. ఒక నిమిషం చార్ట్‌కు దిగు. అక్కడా ఒకే క్యాండిల్‌లో రెండూ ఉంటే నీకు నచ్చని వైపే వెయ్యి. ఈ ఒక్కచోట చెయ్యి జారితే రెండో కుప్ప, మూడో కుప్ప కలగాపులగం అవుతాయి, మనకు కావలసిందల్లా మూడూ నాలుగే.

కరుణాకర్_వనపర్తి

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. నేను నిఫ్టీ ఆప్షన్లు కొంటాను, ఒకే లాట్. సగం అమ్మే వీలే లేదు. కాబట్టి కాస్ట్‌కు ఎస్ఎల్ తేవడం ఒక్కటే చేస్తాను. నాకు విన్ రేట్ పెరగలేదు, తగ్గింది. ఇది ఎట్లా సాధ్యం?

రాధిక_నల్గొండ

అది జరగాల్సిందే కరుణాకర్ గారూ. సగం బుక్ చేయకుండా కాస్ట్‌కు మాత్రమే తెస్తే, తిరిగొచ్చిన ట్రేడ్ గెలుపు కింద రాదు, సున్నా కింద వస్తుంది. పైన చెప్పిన లెక్కలోనే చూడండి: 50 నష్టం, 25 సున్నా, 25 గెలుపు. విన్ రేట్ 33 నుంచి 25కి దిగింది. కాస్ట్ ఎస్ఎల్ ఒక్కటే అయితే విన్ రేట్‌ను తగ్గిస్తుంది, దానికి సగం అమ్మడం తోడైతే పెంచుతుంది. అందరూ రెండూ ఒకేసారి చేస్తారు గనుక ఏది ఏం చేస్తోందో కనబడదు.

మీకు ఇంకో ఇబ్బంది ఉంది. ఆప్షన్ కొన్నవాళ్లకు ప్రీమియం కాస్ట్‌కు రావడం, నిఫ్టీ కొన్న చోటికి రావడం ఒకటి కాదు. రెండు గంటలు గడిస్తే టైమ్ డికే వల్ల నిఫ్టీ ఇంకా మీకు అనుకూలమైన వైపు ఉండగానే ప్రీమియం కొన్న ధరకు దిగవచ్చు, ఎక్స్‌పైరీ రోజున మరీ. ప్రీమియం మీద కాస్ట్ ఎస్ఎల్ పెడితే చార్ట్ ఇంకా బాగున్నా మిమ్మల్ని బయట పడేస్తుంది. ఎస్ఎల్ ఎక్కడుండాలో నిఫ్టీ చార్ట్ మీద నిర్ణయించుకుని, అక్కడ ప్రీమియం ఎంత ఉంటే అంతకు బయటికి రావాలి.

కరుణాకర్_వనపర్తి

ఇది ఆలోచించలేదు. కానీ నిఫ్టీ స్థాయి చూసి చేత్తో అమ్మాలంటే స్క్రీన్ ముందే కూర్చోవాలి. నాకు షాపు ఉంది. ప్రీమియం మీద ఆర్డర్ పెట్టి వదిలేయడం తప్ప దారి లేదు.

నవీన్_జడ్చర్ల

లెక్క తెచ్చాను. రెండు ఆదివారాలు పట్టింది. వందలో:

505 చోటు తాకకుండా ఎస్ఎల్‌కు పోయినవి 42
తాకి నేరుగా టార్గెట్ కొట్టినవి 26
తాకి, కాస్ట్‌కు వచ్చి, మళ్లీ టార్గెట్ కొట్టినవి 14
తాకి, కాస్ట్‌కు వచ్చి, అసలు ఎస్ఎల్‌దాకా పడినవి 18

కొన్ని మూడుంబావు దాకా మధ్యలోనే ఉండిపోయాయి. వాటిని ఏ వైపు దగ్గరగా ఉంటే ఆ వైపు వేశాను.

రాధిక_నల్గొండ

చాలా ఓపికగా చేశావు నవీన్. మధ్యలో ఉండిపోయినవాటికి ఆ రోజు ముగింపు ధరే వెయ్యాల్సింది, తర్వాత సరిచేసుకో. ఇప్పటికి ఇవే తీసుకుని నాలుగు రకాలుగా ఆడిద్దాం. ఛార్జీలు తర్వాత చూద్దాం.

అసలు ముట్టుకోకపోతే గెలిచేవి 26, 14 కలిపి 40. వచ్చేది 80,000, పోయేది 60,000. మిగిలేది 20,000.

నువ్వు ఇప్పుడు చేస్తున్నట్టు సగం అమ్మి, ఎస్ఎల్ కాస్ట్‌కు తెస్తే నేరుగా కొట్టిన 26 ఒక్కొక్కటి 1,500 ఇస్తాయి, అంటే 39,000. తిరిగొచ్చిన 32, అవి తర్వాత లేచినా పడినా, ఒక్కొక్కటి 500 ఇస్తాయి, అంటే 16,000. పోయేది 42,000. మిగిలేది 13,000. గెలిచినవి 58. నీకు కనబడుతున్న 58 ఇదే.

సగం అమ్మి, మిగతా సగానికి ఎస్ఎల్ 495 దగ్గరే వదిలేస్తే? టార్గెట్ కొట్టిన 40 ఒక్కొక్కటి 1,500, మొత్తం 60,000. పడిపోయిన 18లో మొదటి సగం 500 ఇస్తుంది, రెండో సగం 500 పోగొడుతుంది, సున్నా. నేరుగా పోయినవి 42,000. మిగిలేది 18,000.

కరుణాకర్ గారిలా ఏమీ అమ్మకుండా కాస్ట్‌కు మాత్రమే తెస్తే 26 గెలుపులకు 52,000, నష్టం 42,000. మిగిలేది 10,000.

ఇప్పుడు చూడు. సగం అమ్మడం వల్ల నీకు పోయింది 2,000 మాత్రమే, 20 నుంచి 18కి. ఆ తర్వాత ఎస్ఎల్ కాస్ట్‌కు జరపడం వల్ల ఇంకో 5,000 పోయింది. నువ్వు రెండింటినీ కలిపి ఒకే పద్ధతి అనుకుంటున్నావు. కానీ నీ ట్రేడ్లలో ఒకటి దాదాపు ఖర్చు లేనిది, రెండోది ఖరీదైనది.

దేవరకొండ_శ్రీను

లెక్క ఒప్పుకుంటాను. కానీ కాస్ట్ ఎస్ఎల్ 18 ట్రేడ్లను కాపాడింది కదా మేడం, దాన్ని ఎందుకు చెప్పరు?

రాధిక_నల్గొండ

అసలు ప్రశ్న అదే శ్రీను గారూ. పూర్తి క్వాంటిటీ మీద చెప్తాను, సగమైతే అన్నీ సగం చేసుకోండి. పడిపోయే ప్రతి ట్రేడ్‌లో కాస్ట్ ఎస్ఎల్ వెయ్యి రూపాయలు కాపాడుతుంది. తిరిగి లేచే ప్రతి ట్రేడ్‌లో రెండు వేలు పోగొడుతుంది. అంటే కాపాడేవి పోగొట్టేవాటికి రెండింతలకన్నా ఎక్కువ ఉంటేనే అది లాభం. ఇక్కడ కాపాడినవి 18, పోగొట్టినవి 14. పద్నాలుగుకి రెండింతలు 28, పద్దెనిమిది ఎక్కడా సరిపోదు.

ఇంకో రకంగా చూస్తే, తిరిగొచ్చిన ప్రతి మూడింటిలో ఒకటికన్నా తక్కువ టార్గెట్ చేరితే కాస్ట్ ఎస్ఎల్ పనికొస్తుంది. ఎక్కువ చేరితే నష్టం చేస్తుంది. ఆ మూడింట ఒకటి మొదట చెప్పిన బొమ్మా బొరుసు లెక్కే, 500 నుంచి 495, 510 దూరాలు అవే కదా. కాబట్టి కాస్ట్‌కు ఎస్ఎల్ జరిపేవాళ్లు తెలిసో తెలియకో ఒక మాట అంటున్నట్టు: పైకి వెళ్లి కొన్న ధరకు తిరిగొచ్చిన షేర్‌లో ఇక బలం లేదు అని. నవీన్ షేర్లలో 32కి 14 లేచాయి, నూటికి 44. వాటిలో బలం ఉంది. కొత్తగా కొన్నప్పటి 40 శాతంకన్నా తక్కువేమీ కాదు.

టార్గెట్ దూరం మారితే ఈ మూడింట ఒకటి కూడా మారుతుంది. టార్గెట్ మూడు వేలయితే నాలుగింట ఒకటి లేచినా కాస్ట్ ఎస్ఎల్ వల్ల ఒరిగేది ఏమీ ఉండదు.

యాదగిరి_మిర్యాలగూడ

అమ్మా, మార్కెట్‌కు మనం ఎంతకు కొన్నామో ఏం తెలుసు? 500 మనకు ముఖ్యం, దానికి కాదు. నేను ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, మనం కొన్న ధర దగ్గర అది ఆగాలనేం లేదు, లేవాలనేం లేదు.

రాధిక_నల్గొండ

చాలా వరకు నిజం యాదగిరి గారూ. కానీ నవీన్ మొదటి సెటప్‌లో కొన్న ధర ఏదో ఒక ధర కాదు, మొదటి గంట హై. దాన్ని అందరూ చూస్తుంటారు. ధర దాన్ని దాటి పైకి పోయి, మళ్లీ అక్కడికే వచ్చి తాకి లేవడం బ్రేకవుట్లలో మామూలే. అంటే నవీన్ కాస్ట్ ఎస్ఎల్ పెడుతున్నది సరిగ్గా రీటెస్ట్ జరిగే చోట. 499.80కి దిగి 510కి పోయిందన్నాడు చూడండి, అలాంటివి అక్కడే పుడతాయి.

పుల్‌బ్యాక్ సెటప్ వేరు. అక్కడ షేర్ దిగి, ఇఎంఎ దగ్గర నిలబడి, లేచాక కొంటాం. మళ్లీ అదే చోటికి రెండోసారి దిగిందంటే కొనేవాళ్లు తగ్గారని కావచ్చు. నవీన్, ఆ 32ను సెటప్ వారీగా విడదీసి చెప్పగలవా?

నవీన్_జడ్చర్ల

ఇప్పుడే చూశాను అక్కా. లేచిన 14లో 12 బ్రేకవుట్లే, రెండే పుల్‌బ్యాక్‌లు. పడిన 18లో 10 బ్రేకవుట్లు, 8 పుల్‌బ్యాక్‌లు.

రాధిక_నల్గొండ

అంటే తిరిగొచ్చిన బ్రేకవుట్లు 22, వాటిలో 12 లేచాయి. సగం పైనే. తిరిగొచ్చిన పుల్‌బ్యాక్‌లు 10, లేచినవి రెండు. పుల్‌బ్యాక్‌లో కాస్ట్ ఎస్ఎల్ నీకు సాయమే చేస్తున్నట్టుంది, బ్రేకవుట్‌లో దెబ్బతీస్తోంది.

అయితే ఇక్కడ ఆగాలి. పదింటిలో రెండు అన్నదాని మీద నిర్ణయం కట్టలేం, ఇంకొక్కటి లేచి ఉంటే మూడింట ఒకటికి దగ్గర పడేది. మొత్తం 32లో 14 కూడా పెద్ద సంఖ్య కాదు. పదీ పదకొండు లేచి ఉంటే లాభమూ లేదు, నష్టమూ లేదు. అంటే తేడా అంతా మూడు నాలుగు ట్రేడ్ల మీద నిలబడి ఉంది. ఏ బలమూ లేకపోయినా 32లో 14 రావడం అసాధారణం కాదు. ఇంకో రెండు మూడు వందల ట్రేడ్లకు ఇలాగే రాసుకుంటే గానీ గట్టిగా చెప్పలేను.

దేవరకొండ_శ్రీను

అదే నేనూ అంటున్నాను. వంద ట్రేడ్లతో తేల్చి, ఉన్న పద్ధతి మార్చుకుంటే ఎట్లా? మీరు ఒకటి వదిలేశారు మేడం. 40 శాతం దగ్గర వరసగా ఆరు నష్టాలు రావడం, 58 దగ్గర రావడం ఒకటేనా?

రాధిక_నల్గొండ

కాదు, అందులో మీ మాట నిజం. 60 శాతం నష్టపోయే పద్ధతిలో తర్వాతి ఆరూ నష్టాలే కావడానికి దాదాపు ఇరవైలో ఒక వంతు అవకాశం ఉంది. 42 శాతం అయితే నూట ఎనభైలో ఒక వంతు. అది చిన్న తేడా కాదు. నవీన్ ఆరు నష్టాల తర్వాత ఏడోది వదిలేసే మనిషైతే, కాగితం మీది 20,000 అతని చేతికి రాదు.

కానీ సగం అమ్మి ఎస్ఎల్ అక్కడే ఉంచే పద్ధతిలోనూ పూర్తి నష్టాలు 42 మాత్రమే. పడిపోయిన 18 సున్నా దగ్గర తేలుతాయి. నెమ్మది అందులోనూ దొరుకుతుంది. ఎగుడుదిగుళ్లకు ఎంత మిగిలిందని చూస్తే ఈ వందలో నాలుగింటిలోకీ అదే మెరుగ్గా ఉంది. కాస్ట్‌కు మాత్రమే తెచ్చేది అన్నిటికన్నా వెనక.

క్వాంటిటీ పెంచమన్న మాట మీద మాత్రం ఒకటి చెప్పాలి. పెంచితే నష్టపోయే 42 ట్రేడ్లలో పోయేది కూడా అంతే పెరుగుతుంది. ఇప్పటి పద్ధతిలో 20,000 రావాలంటే క్వాంటిటీ ఒకటిన్నర రెట్లు కావాలి. అప్పుడు ఒక్కో నష్టం 1,500 పైన ఉంటుంది. విన్ రేట్ తెచ్చిన నెమ్మది అక్కడ కొంత ఖర్చయిపోతుంది.

సూర్యాపేట_టెర్మినల్

నేను ఇక్కడ ఒక సబ్ బ్రోకర్ ఆఫీసులో టెర్మినల్ చూస్తాను. ఛార్జీల సంగతి ఎవరూ ముట్టుకోలేదు. నవీన్ చెప్పిన లక్ష రూపాయల ట్రేడ్ తీసుకుందాం. ఆర్డర్‌కు 20 రూపాయలు లేదా 0.03 శాతం, ఏది తక్కువైతే అది తీసుకునే బ్రోకర్ అనుకుందాం. కొన్నప్పుడు 20, అమ్మినప్పుడు 20. ఇంట్రాడేలో అమ్మే వైపు ఎస్‌టీటీ 0.025 శాతం, అంటే 25. ఎక్స్ఛేంజ్ ఛార్జీ ఆరు దాకా, స్టాంప్ డ్యూటీ మూడు, జీఎస్టీ ఎనిమిది పైన. మొత్తం 82 రూపాయలు. 200 షేర్లకు ఒక్కో షేర్‌కు 41 పైసలు. 500కి కొని 500కే అమ్మితే అది కాస్ట్ కాదు, 82 నష్టం. కాస్ట్ అంటే 500.45 అని పెట్టుకోవాలి.

సగం సగం అమ్మితే ఆర్డర్ ఒకటి పెరుగుతుంది. యాభై వేల చొప్పున రెండు ఆర్డర్లకు 15, 15. జీఎస్టీతో కలిపి పన్నెండు రూపాయలు అదనం. వంద ట్రేడ్లలో 58సార్లు అంటే 700 దాకా.

మేడం లెక్కలోంచి ఇవి తీసేస్తే 20,000 కాస్తా 11,800 అవుతుంది. 18,000లో 9,100 మిగులుతుంది. నవీన్ ఇప్పటి పద్ధతి 13,000లో మిగిలేది 4,100. కాస్ట్‌కు మాత్రమే తెచ్చే పద్ధతిలో 1,800. స్లిపేజ్ ఇంకా కలపలేదు.

నవీన్_జడ్చర్ల

అన్నా, నా లెడ్జర్ ఎందుకు పలచగా ఉందో ఇప్పుడు అర్థమైంది. 13, 20 మధ్య తేడా అంటే మూడో వంతు అనుకున్నాను. ఛార్జీలు పోయాక మిగిలేది మూడో వంతే.

సూర్యాపేట_టెర్మినల్

ఇంకొకటి, ఇది డబ్బు పోగొట్టే విషయం. 505 దగ్గర 100 అమ్మినప్పుడు పెండింగ్‌లో ఉన్న ఎస్ఎల్ ఆర్డర్ క్వాంటిటీ తనంతట తాను తగ్గదు. చాలామంది ట్రిగ్గర్ ధర 495 నుంచి 500కి మారుస్తారు, క్వాంటిటీ 200 అలాగే ఉంటుంది. ధర 500కి రాగానే 200 అమ్ముడుపోతాయి. చేతిలో ఉన్నవి 100. ఇక మీరు 100 షేర్లు షార్ట్. తెలియకుండా ఆ షార్ట్ పైకి పోయే షేర్‌లో ఉండిపోతుంది, మధ్యాహ్నం మూడింటి తర్వాత బ్రోకర్ స్క్వేర్ ఆఫ్ చేసేదాకా. ఆఫీసుకు వచ్చేవాళ్లలో నేను ఎక్కువగా చూసేది ఇదే. ముందు ఎస్ఎల్ క్వాంటిటీ 100కి తగ్గించి, తర్వాత సగం అమ్మండి. తర్వాత పొజిషన్స్ పేజీలో ఉన్న సంఖ్య, పెండింగ్ ఆర్డర్ సంఖ్య ఒకటేనా అని చూసుకోండి.

లేదంటే మొదటే 100 చొప్పున రెండు ఎస్ఎల్ ఆర్డర్లుగా పెట్టండి. సగం అమ్మేటప్పుడు ఒకదాన్నే 505 లిమిట్‌కు మార్చుకుంటే చాలు.

కరుణాకర్_వనపర్తి

లిమిట్‌కు మార్చడమంటే ధర 505 దగ్గరికి వచ్చాకే కదా? ముందే మారిస్తే ఆ సగానికి ఎస్ఎల్ లేకుండా పోతుంది.

సూర్యాపేట_టెర్మినల్

అవును, దగ్గరికి వచ్చాకే. మీలా స్క్రీన్ ముందు ఉండలేనివాళ్లకు ఇది కుదరదు. క్యాష్‌లో కొందరు బ్రోకర్లు టార్గెట్, ఎస్ఎల్ కలిపి ఒకటి తగిలితే రెండోది రద్దయ్యే ఆర్డర్ ఇస్తున్నారు. మీ బ్రోకర్ ఇంట్రాడేకు ఇస్తారో లేదో అడిగి తెలుసుకోండి.

నవీన్_జడ్చర్ల

సరే. వచ్చే వంద ట్రేడ్లకు ఇలా అనుకుంటున్నాను. రెండు సెటప్‌లలోనూ 505 లాంటి చోట సగం అమ్ముతాను. బ్రేకవుట్ అయితే మిగతా సగానికి ఎస్ఎల్ 495 దగ్గరే ఉంచుతాను. పుల్‌బ్యాక్ అయితే కాస్ట్‌కు తెస్తాను. అక్కా, బ్రేకవుట్‌కు 495, 500 మధ్యలో, 497 దగ్గర పెడితే ఎట్లా ఉంటుంది? రీటెస్ట్ తట్టుకుంటుంది, నష్టమూ తగ్గుతుంది.

రాధిక_నల్గొండ

ఉండొచ్చు, కానీ నీ నాలుగు కుప్పలు దానికి జవాబు చెప్పవు. లేచిన 12 బ్రేకవుట్లలో తిరిగొచ్చినప్పుడు ఒక్కొక్కటి ఎంత కిందికి దిగిందో కావాలి. 499.80 దగ్గరే ఆగినవి ఎక్కువైతే 497 బాగా పనిచేస్తుంది. చాలావరకు 496దాకా దిగి లేచినవైతే 497 కూడా కాస్ట్ ఎస్ఎల్ చేసే పనే చేస్తుంది. నోట్‌బుక్‌లో ఒక గడి పెంచు: 505 తాకిన తర్వాత, టార్గెట్‌కు ముందు, అన్నిటికన్నా కింది ధర. రూపాయల్లో కాకుండా నీ ఎస్ఎల్ దూరంలో ఎన్నో వంతు అని రాసుకో, అప్పుడు 200 రూపాయల షేర్‌నూ 2,000 షేర్‌నూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

అయిపోయిన వందలోనే వెతికి నీకు నచ్చిన స్థాయి తేల్చుకుంటే మాత్రం జాగ్రత్త. 12 ట్రేడ్లకు సరిపోయే అంకె ఎప్పుడూ ఒకటి దొరుకుతుంది. పాతవాటిలో వెతుకు, కొత్తవాటి మీద చూసుకో.

దేవరకొండ_శ్రీను

నేను నా పద్ధతిలోనే ఉంటాను. నావన్నీ పుల్‌బ్యాక్‌లే, మేడం మాట ప్రకారం కూడా నాకు కాస్ట్ ఎస్ఎల్ సరిపోవచ్చు. కాకపోతే తిరిగొచ్చినవి తర్వాత ఏమయ్యాయో నేను ఎప్పుడూ రాసుకోలేదు, బయటికొచ్చాక ఆ చార్ట్ మూసేస్తాను. ఈ నెల నుంచి రాస్తాను. మూడింట ఒకటి దాటితే ఇక్కడే పెడతాను.

నవీన్_జడ్చర్ల

మధ్యలో ఉండిపోయినవి సరిచేశాను అక్కా, అన్నిటికీ మూడుంబావు ధర వేసి. మొత్తం తొమ్మిది. లేచినవాటిలో రెండు టార్గెట్ దాకా పోలేదు, 508 దగ్గరే ఆగాయి. తిరిగి లెక్కవేస్తే ముట్టుకోకపోవడానికి, సగం అమ్మి ఎస్ఎల్ అక్కడే ఉంచడానికి తేడా ఇంకా తగ్గింది. కింది ధరల గడి సగం అయింది, మిగతాది ఆదివారం పెడతాను.